ముందు కాటా, తర్వాతే లేబుల్

తెనాలి

అమ్మడూ,

నువ్వు అమ్మే ఆవకాయ సీసాల కోసం వాట్సాప్‌లో పంపిన లేబుల్ చూశాను. జాడీ బొమ్మ, మామిడాకుల తోరణం, కింద "అమ్మమ్మ చేతి రుచి" అన్న మాట, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. డిజైన్ చేసిన పిల్లకి డబ్బులిచ్చేశానన్నావు. పోనీలే, బొమ్మ ఉంచుకో. మిగతాదంతా మళ్లీ రాయాలి. ఎందుకో చెబుతాను, కోప్పడకు.

ముందు రిజిస్ట్రేషన్ సంగతి. "షాపు లేదు కదా పెద్దమ్మా, ఇన్‌స్టాలో తెలిసినవాళ్లకే అమ్ముతున్నాను" అన్నావు. డబ్బు తీసుకుని తినే వస్తువు అమ్మితే చాలు, 2006 నాటి ఆహార భద్రత చట్టం మనకీ వర్తిస్తుంది. అది వంటింట్లో చేశావా, షెడ్డులో చేశావా అని చూడదు. ఆ చట్టం చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ సంస్థ సైటు foscos.fssai.gov.in లో దరఖాస్తు చెయ్యి. మనలాంటి చిన్నవాళ్లకి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు. ఏడాది అమ్మకం ఎంత దాటితే లైసెన్సుకి మారాలో దరఖాస్తు రోజున అక్కడే చూసుకో. నేను తీసుకున్నప్పుడు ఫీజు ఏడాదికి 100 రూపాయలు. ఫోటో, గుర్తింపు కార్డు, ఇంటి చిరునామా రుజువు అడుగుతారు. మీది అద్దె ఫ్లాటు కాబట్టి అగ్రిమెంటు కాగితం దగ్గర పెట్టుకో. ఏమేం తయారుచేస్తావో అడిగిన చోట పచ్చళ్లతో పాటు చెక్కలు, జంతికలు కూడా చేర్చు. రెండూ వేరే వేరే వర్గాల కింద వస్తాయి. వచ్చిన 14 అంకెల నంబరు ప్రతి సీసా మీదా ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తుతో పాటు ఉండాలి.

ఇక అసలు విషయం. నీ లేబుల్ మీద పదార్థాలు ఇలా రాశావు: మామిడికాయ, కారం, ఆవపిండి, ఉప్పు, నూనె, వెల్లుల్లి, ఇంగువ. ఈ వరస ఎక్కడిది? మీ అమ్మ కలిపేటప్పుడు చెప్పే వరస అది. లేబుల్‌కి అది పనికిరాదు. కలిపినప్పుడు ఏది ఎక్కువ బరువు ఉందో అది ముందు, తక్కువది తర్వాత రాయాలని రూలు. మనం కొలిచేదేమో గ్లాసుతో. కారం, ఆవపిండి, ఉప్పు సమానంగా పోశాం కాబట్టి మూడూ సమానం అనుకుంటాం. కాటా మీద పెట్టి చూడు, అదే గ్లాసుకి ఉప్పు బరువుగా తూగుతుంది, కారం తేలిగ్గా ఉంటుంది.

నేను కిందటి వేసవిలో కలిపిన ఒక విడత లెక్క నా పుస్తకంలోంచి చెబుతాను. తుడిచి, జీడి తీసి, కొట్టిన ముక్కలు 5 కిలోలు. నువ్వుల నూనె కిలోన్నర. ఉప్పు 850 గ్రాములు, ఆవపిండి 750, కారం 700, వెల్లుల్లి 150, మెంతులు 50. మొత్తం 9 కిలోలు. కాబట్టి లేబుల్ మీద మామిడికాయ, నువ్వుల నూనె, ఉప్పు, ఆవపిండి, కారం, వెల్లుల్లి, మెంతులు అని వచ్చింది. నువ్వు ఐదో చోట రాసిన నూనె రెండో చోటికి వెళ్లింది చూశావా? నూనెని కూడా తూచే రాయి. లీటరు నూనె కిలో తూగదు, సుమారు 920 గ్రాములే ఉంటుంది.

ఆ 9 కిలోలకి లెక్క ప్రకారం అరకిలో సీసాలు 18 రావాలి. బేసినుకీ గరిటెకీ అంటుకున్నది పోను 17 నిండాయి. ఇక్కడ ఇంకో పొరపాటు చేస్తారు. సీసా మీద 500 ఎం.ఎల్. అని ఉంటుంది కాబట్టి పచ్చడి 500 గ్రాములు అని రాసేస్తారు. ఎం.ఎల్. అన్నది సీసాలో పట్టే జాగా, పచ్చడి బరువు కాదు. ఖాళీ సీసాని కాటా మీద పెట్టి సున్నా చేసి, అప్పుడు నింపి తూచు. రాసేటప్పుడు ఇంగ్లీషులో చిన్న "g" ఒక్కటే రాయాలి. నువ్వు రాసిన "gms" తప్పు. అలాంటివి తూనికలు కొలతల శాఖవాళ్లు పట్టుకుంటారు. వాళ్ల రూళ్ల ప్రకారమే ఎమ్మార్పీ "అన్ని పన్నులూ కలిపి" అని ఉండాలి, గ్రాముకి ఎంత పడిందో కూడా వెయ్యాలి. అరకిలో 350 రూపాయలైతే గ్రాముకి 70 పైసలు. ప్యాకింగ్ మొదలుపెట్టిన 90 రోజుల్లోపు ఆ శాఖ దగ్గర కూడా పేరు నమోదు చేయించుకోవాలి. ఇది చాలామంది మరిచిపోతారు.

ఇంగువ దగ్గరికి వస్తాను, ఎందుకంటే నేను సిగ్గుపడిన చోటు అదే. మొదటి ఏడాది నా ఇంగువ ఆవకాయ సీసా మీద "ఇంగువ" అని మాత్రమే రాశాను. గోధుమ పడని పిల్లవాడి తల్లి కొనేముందు ఫోన్ చేసి, ఇందులో గోధుమ ఏమైనా ఉందా అండీ అని అడిగింది. ఆవకాయలో గోధుమేంటమ్మా అని నవ్వి పంపించాను. వారానికి ఆమే మళ్లీ ఫోన్ చేసింది. పిల్లవాడికి రెండు రోజులు కడుపునొప్పి. "మీరు వాడే ఇంగువ డబ్బా వెనక చదవండి" అంది. చదివాను. మనం బజార్లో కొనే పొడి ఇంగువ చాలావరకు కలిపిన ఇంగువే. అసలు ఇంగువ కొంచెం, మిగతాది గోధుమపిండో మైదానో, బంకో ఉంటుంది. ముప్పై ఏళ్లుగా వాడుతున్న డబ్బాని ఆ రోజే మొదటిసారి వెనక్కి తిప్పి చూశాను. ఆమెకి డబ్బు తిరిగి పంపాను కానీ, ఆ నవ్వు మాత్రం ఇప్పటికీ గుర్తొస్తుంది.

అందుకే పదార్థాల కింద "కంటెయిన్స్ వీట్" అని విడిగా వెయ్యాలి. అది ఎంత తక్కువ ఉన్నా సరే. మన దేశం రూలులో ఇలా చెప్పాల్సినవి గోధుమలాంటి గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్డు, చేప, రొయ్య పీత జాతి, వేరుశనగ, జీడిపప్పు బాదం లాంటివి, సోయా, ఒక మోతాదు దాటిన సల్ఫైట్లు. నీ చెక్కల్లో వేరుశనగ పప్పు వేస్తావు, వెన్న వేస్తావు. రెండూ రాయాలి. ఆవాలు, నువ్వులు మన జాబితాలో లేవు. కానీ బ్రిటన్‌లో రెండూ చెప్పి తీరాలి, అమెరికాలో నువ్వులు చెప్పాలి. మీ డల్లాస్ వదిన స్నేహితులు అడుగుతున్నారని అన్నావు కాబట్టి ఇది చెబుతున్నాను. వాళ్లు వచ్చినప్పుడు సూట్‌కేసులో పట్టుకెళ్లడం వేరు, నువ్వు అమ్మి పార్శిల్ చెయ్యడం వేరు. రెండోదానికి అక్కడి రూళ్లు, ఎగుమతి కాగితాలు అన్నీ కావాలి. ఈ ఏడాది దాని జోలికి పోకు.

భాష గురించి కూడా. లేబుల్ అంతా తెలుగులో ఉండాలని నీ ముచ్చట. నాకూ అదే ఇష్టం. కానీ తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులోనో దేవనాగరి హిందీలోనో ఉండాలంటుంది రూలు. తెలుగు అదనంగా ఉండొచ్చు, అయితే రెంటిలో మాట ఒకటే ఉండాలి. శాకాహారానికి ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క ముందు వైపే వెయ్యి. నీ పూర్తి చిరునామా, ఫోను, మెయిలు ఉండాలి. ఫ్లాట్ నంబరు బయటపడుతుందని భయమన్నావు, నిజమే, కానీ "కూకట్‌పల్లి, హైదరాబాద్" అంటే సరిపోదు. పోషకాల పట్టిక కోసం ల్యాబ్‌కి పంపు. పై విడతలో ఉప్పు నూటికి తొమ్మిదిన్నర పాళ్లు. అంటే వంద గ్రాములకి సోడియం 3,700 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ల్యాబ్ కాగితంలో దీనికి చాలా దూరంగా వస్తే ఎక్కడో తూకం తప్పిందని తెలుసుకో.

"బీపీ ఉన్నవాళ్లు కూడా తినొచ్చు" అన్న నీ రీలు తీసెయ్యి. ఈ అంకె చూశాక ఎందుకో నేను చెప్పక్కర్లేదు. మెంతికాయ షుగర్ తగ్గిస్తుందన్న పోస్టు కూడా తీసెయ్యి. జబ్బు తగ్గుతుందని ఆహారం అమ్మకూడదు.

ఇక తేదీలు. ఇక్కడే నీకు ఎక్కువ టెన్షన్ అని తెలుసు. ఆవకాయ మే నెలలో కలుపుతాం, మూడో రోజు తిరగ కలిపి నూనె పోస్తాం, జాడీలో ఉంచి ఆర్డర్లు వచ్చిన కొద్దీ ఆగస్టు దాకా సీసాలకెత్తుతాం. ఆగస్టులో ఎత్తిన సీసాకి గడువు ఆగస్టు నుంచి లెక్కపెట్టకు. కలిపిన రోజు నుంచే లెక్క. దానికో బ్యాచ్ నంబరు ఇయ్యి. నేను కలిపిన తేదీనే నంబరు చేస్తాను. "బెస్ట్ బిఫోర్" రాస్తే సరిపోదు, "ఎక్స్‌పైరీ" లేదా "యూజ్ బై" తేదీ ఉండాలి. ఇంట్లో ఏడాది నిలవుంటుంది కదా అని ఏడాది వెయ్యకు. మనింట్లో జాడీ, పొడి గరిటె, వాసెన కట్టిన గుడ్డ. కొన్నవాళ్లింట్లో తడి చెంచా, రోజుకి నాలుగుసార్లు మూత తియ్యడం. నేను ఆరు నెలలే వేస్తాను.

ప్రతి విడతలోంచీ ఒక సీసా అమ్మకుండా దాచుకో. అదే మూత, అదే నంబరు, వంటింటి అల్మరాలో పెట్టు. ఎవరైనా పచ్చడి పాడైందంటే ముందు ఆ సీసా తీసి చూడు. పైన తెల్లటి పొర, మూత తియ్యగానే బుస్సుమనడం, నూనెలో బుడగలు, పులిసిన వాసన, వీటిలో ఏదున్నా ఆ విడత మొత్తం ఆపు. కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు బ్యాచ్ వారీగా రాసి పెట్టుకుంటే ఒక్క పూటలో అందరికీ చెప్పగలవు. నీ సీసా బాగానే ఉంటే వాళ్ల సీసాకే తడి తగిలి ఉండొచ్చు, కానీ తప్పు మనది కాదని వెంటనే అనుకోకు. ఒకసారి నా దగ్గర కడిగిన సీసాలు సరిగా ఆరకుండానే పచ్చడి ఎత్తారు. దాచిన సీసా బాగుంది, బయటికెళ్లిన మూడు బూజు పట్టాయి. అప్పట్నుంచి సీసాలు ఎండలో బోర్లించాక, ఆరాయా లేదా అని లోపల చెయ్యి పెట్టి చూసేది నేనే. నూనె మాత్రం ముక్కల పైన అర సెంటీమీటరు తేలాలి. పార్శిల్‌లో కారుతుందని తగ్గించకు, మూత కింద సీలు వేయించు.

చెక్కలకి నెల రోజులు చాలు. అవి పాడవడం బూజుతో కాదు, నూనె వాసనతో. వేయించిన నూనె మర్నాటి వాయికి వాడితే ఆ వాసన పదిహేను రోజులకే వస్తుంది. ప్యాకెట్‌లో న్యూస్‌పేపర్ వెయ్యకు, సిరా అంటుతుంది, దానికి అనుమతీ లేదు.

పోస్టుల్లో "ధర కోసం ఇన్‌బాక్స్" అని రాస్తున్నావు. ధర, బరువు, పదార్థాలు, చిరునామా పోస్టులోనే కనబడాలి. సీసా వెనక లేబుల్ ఫోటో రెండో బొమ్మగా పెట్టెయ్యి, నీకూ పని తగ్గుతుంది. చికెన్ పచ్చడి మొదలుపెడతానని మీ ఆయన అంటున్నాడట. మాంసం పచ్చడిలో పులుపు ఎంత దిగిందో నాలుకతో చెప్పలేం, పీహెచ్ 4.6 కంటే తక్కువుందని ల్యాబ్ చెప్పాలి. అది తేలేదాకా ఆగమను.

కొత్త లేబుల్ అచ్చు వెయ్యకముందు, కాటా మీద తూచి రాసిన కాగితం, నీ ఇంగువ డబ్బా వెనక వైపు ఫోటో నాకు పంపు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోన్ చెయ్యి, వరస కలిసే రాద్దాం.

మీ పెద్దమ్మ