జిమ్‌కి వెళ్లేవాళ్లు పచ్చసొన పారేయాలా? పచ్చి తెల్లసొన తాగొచ్చా?

"రోజూ ఆరు గుడ్ల తెల్లసొన పచ్చిగానే తాగుతున్నాను, పచ్చసొన పారేస్తున్నాను. ఇది సరైనదేనా?"

పారేయడం కన్నా పచ్చిగా తాగడమే పెద్ద తప్పు. పచ్చి తెల్లసొనలో అవిడిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. అది పేగులో బయోటిన్ అనే బి విటమిన్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, ఇక శరీరం దాన్ని పీల్చుకోలేదు. ఒకటి రెండు రోజులకు ఏమీ కాదు. నెలల తరబడి ఇలాగే తాగితే జుట్టు పలచబడుతుంది, కళ్లు, ముక్కు, నోటి చుట్టూ ఎర్రగా పొలుసులు లేస్తాయి. పైగా మీరు పారేస్తున్న పచ్చసొనలోనే బయోటిన్ ఉంది!

తెల్లసొన పూర్తిగా గట్టిపడేదాకా ఉడికిస్తే అవిడిన్ చాలావరకు పనిచేయదు, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయమూ తగ్గుతుంది. ప్యాకెట్లో వచ్చే పాశ్చరైజ్డ్ తెల్లసొనలో బ్యాక్టీరియా పోయినా అవిడిన్ మిగిలే ఉంటుంది, కాబట్టి దాన్నీ వండాల్సిందే. ఇంకో సంగతి, పచ్చి గుడ్డు ప్రొటీన్ సగమే ఒంటబడుతుంది, ఉడికిస్తే దాదాపు 90 శాతం. అంటే పచ్చిగా తాగి మీరు కండకు కావలసిందే పోగొట్టుకుంటున్నారు.

ఇక పచ్చసొన. గుడ్డులోని కోలిన్, విటమిన్ ఎ, డి దాదాపు మొత్తం అందులోనే ఉంటాయి. ప్రొటీన్‌లో కూడా సుమారు 40 శాతం దానిదే. కేలరీల టెన్షన్ ఉంటే రెండు పూర్తి గుడ్లు, మూడు తెల్లసొనలు కలిపి వేయండి. సుమారు 23 గ్రాముల ప్రొటీన్, 200 లోపు కేలరీలు. మీ ఆరు తెల్లసొనలూ ఉడికించినా 22 గ్రాములు దాటవు. కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నా, షుగర్ ఉన్నా పచ్చసొనల లెక్క డాక్టర్‌ను అడిగి తేల్చుకోండి.