పిల్లల ఎమర్జెన్సీ డోస్ చార్ట్: మి.లీ. కాలమ్‌లో రౌండింగ్ తేడాలు ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న: "ఫార్ములరీ చూసి పిల్లల ఎమర్జెన్సీ మందులకి బరువు ప్రకారం ఒక పేజీ చార్ట్ ఎక్సెల్‌లో చేస్తున్నాను. మి.గ్రా. బాగానే వస్తున్నాయి కానీ మి.లీ. దగ్గర 0.15, 0.35 లాంటివి వస్తున్నాయి. ఒక దశాంశానికి రౌండ్ చేసేస్తే సరిపోతుందా? తప్పులు పడకుండా ఎలా చెక్ చేసుకోవాలి?"

జవాబు:

సరిపోదు. పెద్ద పిల్లల వరసల్లో తేడా పెద్దగా కనపడదు, కానీ 10 కిలోల లోపు వరసల్లో గట్టిగా దెబ్బ కొడుతుంది. మా యూనిట్‌కి ఇలాంటి చార్ట్ తయారుచేసి, ప్రతి రివిజన్‌లో మళ్లీ సరిచూసే పని నాదే కాబట్టి, నేను చేసే పద్ధతి ఒక్క మందుతో చూపిస్తాను. మిగతావన్నీ అదే దారిలో వెళ్తాయి.

ఫిట్స్‌కి సిరలో ఇచ్చే లోరాజెపామ్ తీసుకుందాం. డోస్ కిలోకి 0.1 మి.గ్రా., ఒక్కసారికి గరిష్ఠం 4 మి.గ్రా. ఆంప్యూల్ 2 మి.గ్రా./మి.లీ. అనుకుందాం. షీట్‌లో H1లో కిలోకి డోస్, H2లో గరిష్ఠం, H3లో మందు గాఢత పెట్టండి. ఫార్ములాల్లోపల అంకెలు దాచొద్దు, తర్వాత చెక్ చేసేవాళ్లకి అవి కనపడవు. A కాలమ్‌లో బరువు.

```
B2: =MIN(A2*$H$1,$H$2)
C2: =B2/$H$3
D2: =ROUND(C2,1)
E2: =(D2*$H$3-B2)/B2*100
```

B అసలు మి.గ్రా., C అసలు మి.లీ., D చార్ట్‌లో ప్రింట్ అయ్యే మి.లీ. E మాత్రం వెనక్కి లెక్క: ప్రింట్ అయిన మి.లీ. నిజంగా ఇస్తే బిడ్డకి వెళ్లే మందు, అసలు డోస్‌కి ఎంత శాతం తేడా? రౌండింగ్ ఒక్క D దగ్గరే జరగాలి. మి.గ్రా.ని ఒకసారి, మి.లీ.ని మళ్లీ ఒకసారి రౌండ్ చేస్తే రెండు తేడాలూ ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి.

ఇప్పుడు E కాలమ్ చూడండి. 3 కిలోల బిడ్డకి అసలు 0.15 మి.లీ., ప్రింట్ 0.2 మి.లీ. అంటే 0.3 బదులు 0.4 మి.గ్రా., 33 శాతం ఎక్కువ. 5 కిలోలకి 20 శాతం, 7 కిలోలకి 14 శాతం, 9 కిలోలకి 11 శాతం ఎక్కువ. సరి సంఖ్య బరువుల్లో తేడా సున్నా, బేసి బరువులన్నీ పైకే జరిగాయి. 5 కిలోల వరస, 6 కిలోల వరస రెండింటిలోనూ 0.3 మి.లీ. అనే ఉంటుంది. ఊపిరి తీసుకోవడం తగ్గించే మందు విషయంలో అన్నీ ఒకే వైపు తప్పడం నాకు అస్సలు నచ్చదు. పోనీ కిందికి రౌండ్ చేద్దామంటే 3 కిలోల బిడ్డకి 0.1 మి.లీ. వెళ్తుంది, 33 శాతం తక్కువ. ఫిట్స్ ఆగకపోవచ్చు.

ఇక్కడ చాలామంది ROUNDUPా, ROUNDDOWNా అని తల బద్దలు కొట్టుకుంటారు. మార్చాల్సింది ఫార్ములా కాదు, గాఢత. లోరాజెపామ్ సిరలో ఇచ్చే ముందు ఎలాగూ సమాన పరిమాణం సెలైన్‌తో డైల్యూట్ చేయాలి. అప్పుడు అది 1 మి.గ్రా./మి.లీ. అవుతుంది. H3లో 1 పెట్టండి: డోస్ కిలోకి 0.1 మి.లీ., 3 కిలోలకి 0.3, 5 కిలోలకి 0.5, 7 కిలోలకి 0.7. కిలో చొప్పున ఉన్న వరసలన్నింటిలో E సున్నా. గుండె ఆగినప్పుడు ఇచ్చే అడ్రినలిన్‌కీ ఇదే సూత్రం: 1 మి.గ్రా. ఆంప్యూల్‌ని మొత్తం 10 మి.లీ. చేస్తే కిలోకి 0.01 మి.గ్రా. డోస్ సరిగ్గా 0.1 మి.లీ. అవుతుంది.

డైల్యూట్ చేయకూడని చోట సిరంజిని బట్టి రౌండ్ చేయాలి. అనఫిలాక్సిస్‌కి కండరంలో ఇచ్చే అడ్రినలిన్ 1 మి.గ్రా./మి.లీ. కిలోకి 0.01 మి.గ్రా. లెక్కన 7 కిలోలకి 0.07 మి.లీ. ఒక దశాంశానికి రౌండ్ చేస్తే 0.1, అంటే 43 శాతం ఎక్కువ. 4 కిలోల వరసలో అయితే ఏకంగా 0 అని ప్రింట్ అవుతుంది! 0.01 గీతలున్న 1 మి.లీ. సిరంజి వాడాలని చార్ట్‌లోనే రాసి, D2ని `=ROUND(C2,2)` చేయండి. సిరంజి మీద లేని గీతని చార్ట్ అడగకూడదు.

మేం పెట్టుకున్న హద్దు: E 5 శాతం దాటితే గాఢత లేదా సిరంజి మార్చాలా అని చర్చిస్తాం, 10 శాతం దాటితే ఆ వరస అలాగే బయటికి వెళ్లదు. ఇది మా యూనిట్ నిర్ణయం. మీ ఫార్మసిస్ట్, పిల్లల డాక్టర్ కూర్చుని మీ హద్దు మీరే తేల్చుకోండి. చార్ట్ కింద సంతకాలు కూడా వాళ్లవే ఉండాలి.

E కాలమ్ మోసపోయే చోట్లు రెండున్నాయి.

మొదటిది డిస్‌ప్లే. ROUND పెట్టకుండా, టూల్‌బార్‌లో దశాంశాలు తగ్గించే బటన్ నొక్కారనుకోండి. సెల్‌లో 0.1 కనపడుతుంది కానీ లోపల 0.07 అలాగే ఉంటుంది. E లోపలి విలువనే చూస్తుంది కాబట్టి తేడా సున్నా అంటుంది. కాగితం మీద మాత్రం 0.1 అచ్చవుతుంది. అందుకే మా దగ్గర ఆఖరి చెక్ ఫైల్‌లో చేయం. ప్రింట్ తీసి, షీట్ తయారీలో చేయి పెట్టని ఒకరికిస్తాం. వాళ్లు కాగితం మీది మి.లీ. అంకెలు ఖాళీ షీట్‌లో టైప్ చేసి, ఫార్ములరీ తెరిచి కిలోకి ఎన్ని మి.గ్రా. వెళ్తుందో వెనక్కి లెక్కేస్తారు. విసుగు పుట్టే పనే, కానీ కాగితం మీది తప్పు కాగితం చూస్తేనే దొరుకుతుంది. అంకెల రూపం కూడా అప్పుడే కనిపెట్టొచ్చు. `0.0` ఫార్మాట్ ఇస్తే 1 కాస్తా 1.0 అవుతుంది, కంగారులో 10గా చదివే ప్రమాదం. `0.##` ఇస్తే 1 పక్కన ఒంటరి చుక్క మిగులుతుంది. ROUND చేశాక General ఫార్మాట్ ఉంచితే 1 అనే వస్తుంది, 0.5 ముందు సున్నా కూడా పోదు.

రెండోది, ఇంకా పెద్దది: H3 తప్పైతే E కనిపెట్టలేదు. మి.లీ. లెక్కకీ, తిరుగు లెక్కకీ వాడేది ఆ ఒక్క సెల్‌నే కదా. లోరాజెపామ్ 4 మి.గ్రా./మి.లీ. ఆంప్యూల్ కూడా ఉంటుంది. దాన్నీ సమానంగా డైల్యూట్ చేస్తే 2 మి.గ్రా./మి.లీ. అవుతుంది. మన చార్ట్ చూసి 7 కిలోల బిడ్డకి 0.7 మి.లీ. ఇస్తే 1.4 మి.గ్రా. వెళ్తుంది, సరిగ్గా రెట్టింపు. కాబట్టి H3ని ఫార్ములరీ నుంచి కాకుండా ట్రేలో ఉన్న ఆంప్యూల్ చేత్తో పట్టుకుని, లేబుల్ చూసి, డైల్యూట్ చేసే మందైతే డైల్యూట్ అయ్యాక వచ్చే గాఢత లెక్కేసి నింపండి. ఆ గాఢతనీ, డైల్యూషన్‌నీ మందు పేరు పక్కనే పెద్ద అక్షరాల్లో ప్రింట్ చేయండి.

వరసల సంగతి చిన్నది. 10 కిలోల దాకా కిలోకి ఒక వరస, ఆపైన రెండు కిలోలకి ఒకటి చాలు, మధ్య బరువుకి కింది వరస. 11 కిలోల బిడ్డకి 10 కిలోల డోస్ ఇస్తే 9 శాతం తగ్గుతుంది, 13, 15 కిలోల దగ్గర ఈ తేడా ఇంకా చిన్నదే. 5 నుంచి 9 కిలోలకి ఒకే గడి పెట్టి మధ్యలో 7 కిలోల డోస్ రాస్తే మాత్రం 5 కిలోల బిడ్డకి 40 శాతం ఎక్కువ వెళ్తుంది, E ఎంత శుభ్రంగా ఉన్నా సరే. 40 కిలోల దగ్గర లోరాజెపామ్ 4 మి.గ్రా. తాకి, ఆ తర్వాతి వరసలన్నీ అక్కడే ఆగాలి. 42 దగ్గర 4.2 కనపడితే MIN ఎక్కడో చెరిగిపోయినట్టే.

కొత్త కంపెనీ సరుకు వచ్చి గాఢత మారిన రోజు H3 మార్చి ప్రింట్ తీస్తే పని అయిపోదు. గోడకి, క్రాష్ కార్ట్‌కి, బల్ల అద్దం కింద ఉన్న పాత కాగితాలన్నీ తీసేయాలి. అందుకే ఎక్కడెక్కడ అంటించామో ఆ లిస్టు కూడా అదే ఫైల్‌లో, రెండో షీట్‌లో ఉంచుతాను.