చూపు తగ్గుతోందని ఆఫీసుకు ఎలా రాయాలి?

"మా అమ్మాయి రేణిగుంటలో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్‌లో చేస్తోంది. రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నారు. పక్కనున్నవి కనబడవు, చీకటి పడితే మరీ కష్టం. పెద్ద మానిటర్ ఇప్పించమని లెటర్ ఇస్తే, 'బాగానే చదువుతున్నావు కదా' అని హెచ్‌ఆర్ వాళ్లు పక్కన పెట్టేశారు. ఇంకెలా రాయాలి?" - ఒక తల్లి, తిరుపతి

అమ్మా, వాళ్లు చూసింది నిజమే, కానీ సగమే. ఈ జబ్బులో సాధారణంగా ముందు పోయేవి రాత్రి చూపు, పక్క చూపు. మధ్య చూపు చాలా ఏళ్లు నిలుస్తుంది. అందుకే చార్టు మీద 6/9 చదివే మనిషే దారిలో ఉన్న కుర్చీకి తగిలి పడుతుంది. కళ్లద్దాల చీటీ జత చేస్తే ఈ సంగతి అందులో ఉండదు. విజువల్ ఫీల్డ్ పరీక్ష రిపోర్టు పెట్టండి, చూపు ఎన్ని డిగ్రీల వరకు ఉందో డాక్టరుగారితో ఒక వాక్యం రాయించండి. అక్షరాలు చదవగలిగినా, ఫీల్డ్ 40 డిగ్రీల లోపుకు తగ్గితే 2016 వికలాంగుల హక్కుల చట్టం దాన్ని 'లో విజన్' అనే వైకల్యంగానే లెక్కిస్తుంది. సదరం సర్టిఫికెట్‌కూ అప్లై చేయించండి.

ఇక పెద్ద మానిటర్. నాకైతే అది తప్పు కోరిక అనిపిస్తోంది. గొట్టంలోంచి చూస్తున్నట్టుండే కంటికి అక్షరాలు పెంచితే లెడ్జర్‌లో రెండు కాలమ్‌లే పడతాయి, మిగతాది వెతుక్కోవాలి. ఆమెకు ఎక్కువగా పనికొచ్చేవి నలుపు మీద తెలుపు అక్షరాలు, కిటికీ వెలుగు కళ్లలో పడని సీటు, తెర మీదున్నది చదివి వినిపించే NVDA లాంటి ఉచిత స్క్రీన్ రీడర్. అయితే కొన్ని అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లను అది సరిగా చదవదు. ఆఫీసు కంప్యూటర్‌లోనే ఒకరోజు ప్రయత్నించి చూశాకే అడగమనండి.

లెటర్‌లో జబ్బు కథ రెండు వాక్యాలు చాలు. మిగతాదంతా పని గురించే ఉండాలి. ఇలా:

"బిల్లుల ఎంట్రీ నేనే చేస్తాను. కాగితం బిల్లు, స్క్రీన్ మార్చి మార్చి చూడటంలో వరుస తప్పుతోంది. బిల్లులు స్కాన్ చేసి పంపితే రెండూ స్క్రీన్ మీదే చూసుకుంటాను. చీకటి పడ్డాక ఒంటరిగా బస్సెక్కలేను, కాబట్టి షిఫ్టు గంట ముందుకు జరపండి. రెండు నెలలు చూసి, ఆరు నెలలకోసారి మళ్లీ మాట్లాడుకుందాం."

ఆ ఆఖరి మాట వదలొద్దు. చూపు మారుతూ ఉంటుంది, ఈరోజు సరిపోయింది రేపు సరిపోకపోవచ్చు.

ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదనే రక్షణ, అదే చట్టంలోని 20వ సెక్షన్, ప్రభుత్వ సంస్థలకే రాశారు. ప్రైవేటులో అంత గట్టి పట్టు లేదు. కానీ ప్రతి సంస్థకూ సమాన అవకాశాల పాలసీ ఉండాలి. వికలాంగులకు ఏ సౌకర్యాలు ఇస్తారో అందులో రాసి ఉండాలి. ఆ కాపీ ఇమ్మని లెటర్‌లోనే మర్యాదగా అడగమనండి. చేతికివ్వకుండా మెయిల్‌లో పంపితే తేదీతో సహా రికార్డు ఉంటుంది. జవాబు రాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేసేటప్పుడు అదే జత చేయొచ్చు.