టెక్ సందేహాలు: ‘పార్ట్ 4’ని కొత్తవాళ్లు ఎందుకు తెరవరు?

*మాది హనుమకొండ. ఏడాదిగా యూట్యూబ్ ఛానెల్ నడుపుతున్నా. ఒక వారం గుళ్లు, ఒక వారం వంటలు, ఒక వారం బైక్ సర్వీసింగ్ పెడుతున్నా. కాకతీయుల మీద పది భాగాల సిరీస్ మొదలుపెడితే మొదటిదానికి 4,000 వ్యూస్ వచ్చాయి, నాలుగోదానికి 300 దాటలేదు. సిరీస్ ఆపేసి విడి వీడియోలు చేయాలా? వారానికి ఒక్కటే చేయగలను. క్యాలెండర్ ఎలా వేసుకోవాలి?*

సిరీస్ ఆపకండి, కానీ దాని రూపం మార్చండి. ఏ సిరీస్‌కైనా రెండో భాగం నుంచి వ్యూస్ కొంత తగ్గుతాయి, అది మామూలే. ఇంతగా పడిపోవడానికి మాత్రం వేరే కారణం ఉండి ఉంటుంది. ‘కాకతీయులు - పార్ట్ 4’ అని కనబడితే కొత్తవాళ్లు ముందు మూడు చూడాలేమో అనుకుని పక్కకు వెళ్లిపోతారు. ఆ పేరుతో యూట్యూబ్‌లో వెతికేవాళ్లూ ఉండరు. అలా కాకుండా, రాబోయే రామప్ప భాగానికి ‘రామప్ప గుడి ఇటుకలు నీళ్లలో ఎందుకు తేలుతాయి?’ అని పెడితే మొదటి భాగం చూడనివాళ్లు కూడా తెరుస్తారు. సిరీస్ పేరు టైటిల్ చివర పెట్టండి. వరుస సంగతి ప్లేలిస్ట్ చూసుకుంటుంది.

ఇది నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. యూట్యూబ్ స్టూడియోలో నాలుగో భాగం అనలిటిక్స్ తెరిచి, వీడియోను జనం ఎంతసేపు చూశారో చూపే గ్రాఫ్ దగ్గర ఆగండి. మొదటి 30 సెకన్లలోనే గీత నిట్టనిలువుగా కిందికి పడితే ‘గత భాగంలో మనం...’ అన్న మాటలే ముంచాయని అర్థం. ఇకమీదట వాటిని వదిలేసి నేరుగా విషయంతోనే, రామప్ప అయితే ఇటుక నీళ్లలో తేలే దృశ్యంతో, మొదలుపెట్టాలి. గీత చివరిదాకా బాగానే ఉండి వ్యూస్ మాత్రమే తక్కువుంటే తప్పు లోపల లేదు, టైటిల్‌లోనో థంబ్‌నెయిల్‌లోనో ఉంది. మళ్లీ షూట్ చేయకుండా ఆ రెండూ మార్చి చూడండి.

మిగిలిన ఆరు భాగాల అంశాలూ ఒక కాగితం మీద రాసి, ఒక్కోదాన్నీ ఇలా అడగండి: ‘ఇది ఒక్కటే చూసినవాడికి పూర్తి విషయం అందుతుందా?’ రామప్ప, వేయిస్తంభాల గుడి, ఓరుగల్లు కోట తోరణాలు, పాకాల చెరువు నిలుస్తాయి. ఏ రాజు తర్వాత ఎవరన్న వంశవృక్షం విడిగా నిలవదు, దాన్ని ఈ నాలుగింటిలో అక్కడక్కడా కలిపేయండి. అంటే ఇక నాలుగే ఎపిసోడ్లు. నాలుగూ షూట్ చేశాకే మొదటిది విడుదల చేయండి. మధ్యలో జ్వరమొచ్చినా, వాన పడినా సిరీస్ ఆగదు.

ఇక పిల్లర్లు, అంటే ఛానెల్ నిలబడే రెండు మూడు అంశాలు. ఒక్కోదానికి ఒకే కూర్చోవడంలో పన్నెండు టైటిళ్లు రాయండి. ఆరు దగ్గరే పెన్ను ఆగిపోతే అది పిల్లర్ కాదు. ఇంకో పరీక్ష: గుడి వీడియో చూసినావిడ దీన్నీ చూస్తుందా? సకినాలు చూస్తుంది, కార్బురేటర్ శుభ్రం చేయడం చూడకపోవచ్చు. అందుకే సర్వీసింగ్ తీసేసి ఆ స్థానంలో ఒక్కరోజు ప్రయాణాలు పెట్టండి. లక్నవరానికి బైక్ మీదే వెళ్లండి, మీ బైక్ సరదా అక్కడ తీరుతుంది.

క్యాలెండర్ పదమూడు వారాలకు చాలు. గూగుల్ షీట్స్‌లో తేదీ, పిల్లర్, టైటిల్, షూట్ చేసే రోజు అని నాలుగు గళ్లు పెట్టుకోండి. మీది సంక్రాంతితో ముగిసేలా వేద్దాం. ముందు తేదీ మారనివి రాయండి. కార్తీక పౌర్ణమికి వేయిస్తంభాల గుడిలో దీపాలు వెలిగించడానికి వచ్చేవాళ్ల కోసం ఒక విడి వీడియో. సంక్రాంతికి సకినాలు ఇంకొకటి. ఇవి పండుగ రోజు పెడితే ఆలస్యమే. ఇళ్లలో పిండి పట్టించేది అంతకుముందే కాబట్టి సకినాల వీడియో కనీసం రెండు వారాల ముందే రావాలి.

పౌర్ణమి వీడియో అయిన మరుసటి వారం నుంచి నాలుగు వారాలు వరుసగా సిరీస్. సిరీస్ మొదటి ఎపిసోడ్ విడుదల కాగానే దాన్ని పౌర్ణమి వీడియో చివర ఎండ్ స్క్రీన్‌లో పెట్టండి. ఎండ్ స్క్రీన్ వీడియో చివర్లో 5 నుంచి 20 సెకన్ల పాటే కనిపిస్తుంది కాబట్టి, ఆ సమయానికి ‘ధన్యవాదాలు’ చెప్పకుండా తర్వాతి గుడి సంగతి చెబుతూ ఉండాలి. థాంక్స్ అనగానే జనం వెళ్లిపోతారు. ప్లేలిస్ట్ సెట్టింగ్స్‌లో `Set as official series for this playlist` ఆన్ చేయండి. ఒక వీడియోను ఇలాంటి ఒక్క సిరీస్‌లోనే పెట్టగలం.

మిగిలిన ఏడు వారాల్లో ఐదు వంటలకూ ప్రయాణాలకూ వెళ్తాయి. రెండు వారాలు ఖాళీగా ఉంచండి. ఏదైనా వీడియో అనుకోకుండా బాగా నడిస్తే దానికి జోడు వీడియో చేయడానికి ఆ ఖాళీ కావాలి.

నాలుగో ఎపిసోడ్ వచ్చాక వారం ఆగి, నాలుగింటి ఎండ్ స్క్రీన్ క్లిక్‌లు పక్కపక్కన రాసుకోండి. ఒకదాని నుంచి ఇంకోదానికి జనం కదులుతుంటే వచ్చే మూడు నెలల్లో ఇంకో సిరీస్ వేయండి. వ్యూస్ బాగుండి క్లిక్‌లు లేకపోతే మీ ప్రేక్షకులు వెతుక్కుని వచ్చి చూసి వెళ్తున్నారన్నమాట. అప్పుడు వాళ్లకు విడి వీడియోలే ఇవ్వండి.