రిక్రూటర్‌తో మొదటి ఫోన్ కాల్ అయ్యాక థ్యాంక్యూ మెయిల్‌లో ఏం రాయాలి?

ప్రశ్న: అమెరికాలో ఎమ్మెస్ అయిపోయింది, ఓపీటీ మీద ఉద్యోగం వెతుక్కుంటున్నాను. ఇవాళ మధ్యాహ్నం ఒక కంపెనీ నుంచి రిక్రూటర్ ఒకావిడ అరగంట ఫోన్‌లో మాట్లాడారు. ఒక్క రోజులోపు థ్యాంక్యూ మెయిల్ పంపాలని రూమ్మేట్ అంటున్నాడు. మొదటి రౌండుకే అంత అవసరమా? పంపితే ఏం రాయాలి?

జవాబు:

పంపండి. ఈ సాయంత్రమే అయితే మంచిది, లేదంటే రేపు ఉదయం. కాకపోతే మర్యాద కోసం పంపుతున్నాం అనుకుంటే ఆ మెయిల్ "సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు" దగ్గరే ఆగిపోతుంది. ఫోన్ పెట్టేశాక ఆవిడ ఏం చేస్తారో తెలిస్తే ఏం రాయాలో కూడా తెలుస్తుంది.

మొదటి కాల్‌లో రిక్రూటర్ మీకు పైథాన్ ఎంత వచ్చో తేల్చరు. వర్క్ ఆథరైజేషన్ ఏమిటి, జీతం ఎంత ఆశిస్తున్నారు, ఆఫీసుకు వచ్చి పనిచేస్తారా, ఎప్పుడు చేరగలరు, ఇదివరకు చేసిన పనికీ ఈ ఉద్యోగానికీ పొంతన ఉందా అని కనుక్కుంటారు. తర్వాత హైరింగ్ మేనేజర్‌కు నాలుగైదు లైన్ల నోట్ రాస్తారు. మా టీమ్‌లోకి మనుషుల్ని తీసుకునేటప్పుడు అలాంటి నోట్లు ఇప్పుడు నాకూ వస్తుంటాయి. వాటిలో "మంచి కమ్యూనికేషన్, ఆసక్తి ఉంది" అని ఉన్నవాళ్ళందరూ ఒకేలా కనిపిస్తారు. "ఇదే పని ఇంటర్న్‌షిప్‌లో చేశారు" అని ఒక్క ముక్క ఉంటే ఆ రెజ్యూమే ముందు తెరుస్తాను. పాపం రిక్రూటర్లు పొద్దున్నుంచీ వరసగా కాల్స్ మాట్లాడుతుంటారు, సాయంత్రానికి ఎవరు ఏం చెప్పారో కలగాపులగం అవుతుంది. ఆ నోట్ రాసే లోపల మీ మెయిల్ చేరితే అందులోని వాక్యం దాదాపు యథాతథంగా నోట్‌లోకి వెళ్ళొచ్చు. ఒక్క రోజు గడువు వెనకున్న అసలు కారణం ఇదే. నోట్ వెళ్ళిపోయాక ఎంత బాగా రాసినా అది పెళ్ళయ్యాక అందిన శుభలేఖే.

నేను ఓపీటీలో ఉన్నప్పుడు డాలస్ నుంచి ఒక ఆరోగ్య బీమా కంపెనీలో డేటా అనలిస్ట్ ఉద్యోగానికి ఇలాగే మాట్లాడాను. మాటల మధ్యలో రిక్రూటర్ ఒక విషయం చెప్పారు: క్లెయిమ్స్ టీమ్ ప్రతి నెలా ఎక్సెల్‌లో చేత్తో చేసే రిపోర్టుల్ని పవర్ బీఐకి మారుస్తున్నారట, ఆ పనికే మనిషి కావాలట. జాబ్ డిస్క్రిప్షన్‌లో ఈ మాట లేదు. అలాంటి పని నేను ఇంటర్న్‌షిప్‌లో చేశానని చెప్పాను, ఆవిడ "గ్రేట్" అని తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయారు. రాసుకున్నారో లేదో తెలియదు. ఆ సాయంత్రం నేను ఇంగ్లీషులో పంపిన మెయిల్‌కు తెలుగు ఇది:

"హాయ్ (పేరు), ఈ రోజు డేటా అనలిస్ట్ ఉద్యోగం గురించి మాట్లాడినందుకు థ్యాంక్స్. క్లెయిమ్స్ టీమ్ నెలవారీ రిపోర్టులను ఎక్సెల్ నుంచి పవర్ బీఐకి మారుస్తోందని మీరు చెప్పారు. నా ఇంటర్న్‌షిప్‌లో నేను చేసింది అదే పని: సేల్స్ టీమ్ వారానికోసారి చేత్తో తయారుచేసే రిపోర్టులను, వాటంతటవే రిఫ్రెష్ అయ్యే డాష్‌బోర్డులుగా మార్చాను. మీరు అడిగిన వర్క్ ఆథరైజేషన్ వివరం: ప్రస్తుతం ఓపీటీ మీద ఉన్నాను, తర్వాత 24 నెలల స్టెమ్ ఎక్స్‌టెన్షన్‌కు అర్హత ఉంది. మంగళవారంలోగా కబురు చేస్తామన్నారు, ఎదురుచూస్తుంటాను. ఇంకేమైనా కావాలంటే చెప్పండి."

అంతే. ఇంగ్లీషులో వంద పదాలు దాటలేదు, ఫోన్ స్క్రీన్ మీద స్క్రోల్ చేయకుండా చదివేయొచ్చు. రెండో రౌండులో మేనేజర్ మొదటి ప్రశ్నే ఆ డాష్‌బోర్డుల గురించి అడిగారు. అది మెయిల్ వల్లేనని ప్రమాణం చేయలేను గానీ, నా రెజ్యూమేలో మాత్రం ఆ పని ఎక్కడో చివరి బుల్లెట్‌లో ఉండేది.

మీది కూడా ఓపీటీయే కాబట్టి ఆ వర్క్ ఆథరైజేషన్ వాక్యం గురించి కాస్త చెప్పాలి. ఫోన్‌లో టెన్షన్‌లో మనవాళ్ళు చాలామంది "స్పాన్సర్‌షిప్ అక్కర్లేదు" అనేస్తారు. ఇప్పటికైతే నిజమే. కానీ చాలా కంపెనీలు అడిగేది "ఇప్పుడు గానీ మున్ముందు గానీ కావాలా" అని. హెచ్1బీ కావాలనుకునేవాళ్ళకు దానికి జవాబు "ఇప్పుడు వద్దు, తర్వాత కావాలి" అనే. పైగా స్టెమ్ ఎక్స్‌టెన్షన్ కావాలంటే కంపెనీ ఈ-వెరిఫైలో నమోదై ఉండాలి. ఆవిడ ఈ విషయం అడిగి, మీ జవాబు అస్పష్టంగా వెళ్ళిందని మీకే అనిపిస్తే మెయిల్‌లో ఒక్క వాక్యంలో సరిచేయండి. నాలుగు రౌండ్లు తిరిగాక బయటపడటం కంటే ఇది ఇద్దరికీ నయం. ఆవిడ అసలు అడగకపోతే ఈ మెయిల్‌లో మీరుగా ఎత్తకండి.

జీతం సంగతి మాత్రం కదిలించొద్దు. ఫోన్‌లో చెప్పిన అంకె తక్కువైందని ఇంటికొచ్చాక అనిపించడం సహజం, కానీ థ్యాంక్యూ మెయిల్‌లో పెంచి రాస్తే మాట మార్చినట్టు ఉంటుంది. ఆఫర్ దగ్గర మాట్లాడుకోవచ్చు. అలాగే "రెస్పెక్టెడ్ మేడమ్", "కైండ్లీ కన్సిడర్ మై ప్రొఫైల్" లాంటివి ఇక్కడ వింతగా వినిపిస్తాయి. ఫోన్‌లో ఆవిడ తనను ఏ పేరుతో పరిచయం చేసుకున్నారో ఆ పేరుతోనే హాయ్ చెప్పండి. స్పెల్లింగ్ మాత్రం ఆవిడ మెయిల్ నుంచి కాపీ చేసుకోండి. అడగనిదే రెజ్యూమే మళ్ళీ జత చేయొద్దు.

కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా, కాల్ టైమ్ ఖరారు చేసిన పాత మెయిల్‌కే రిప్లై కొట్టండి. మీ పేరు, ఉద్యోగం పేరు, ముందు జరిగిన మాటలు అన్నీ ఆవిడకు ఒకే చోట కనిపిస్తాయి. ఆ మెయిల్ నో-రిప్లై అడ్రస్ నుంచి వచ్చి ఉంటే క్యాలెండర్ ఇన్విటేషన్ తెరిచి చూడండి, ఆహ్వానితుల్లో సాధారణంగా ఆవిడ ఐడీ ఉంటుంది. అక్కడా లేకపోతే లింక్డిన్‌లో రెండు వాక్యాలు చాలు. ఐడీ ఊహించి పంపితే అది ఇంకెవరికో చేరొచ్చు.

ఇదంతా కంపెనీ సొంత రిక్రూటర్ సంగతి. మీకు ఫోన్ చేసింది వెండర్ లేదా కన్సల్టెన్సీ అయితే థ్యాంక్యూ మెయిల్‌తో పెద్దగా పనిలేదు. వాళ్ళు ఎదురుచూసేది ఆర్‌టీఆర్‌కు, అంటే మిమ్మల్ని క్లయింట్‌కు సబ్‌మిట్ చేయడానికి అనుమతిస్తూ మీరిచ్చే రిప్లైకి. అక్కడ తొందర పడకుండా క్లయింట్ పేరు, రేటు చూసుకోండి. ఒకే పొజిషన్‌కు ఇద్దరు వెండర్లు మీ రెజ్యూమే పంపితే క్లయింట్ రెండింటినీ పక్కన పెట్టేసే అవకాశం ఉంది.

ఈ మెయిల్‌కు చాలాసార్లు జవాబు రాదు, దాన్నిబట్టి ఏమీ ఊహించుకోకండి. నాకూ ఆ రిక్రూటర్ నుంచి రిప్లై రాలేదు, నేరుగా రెండో రౌండ్ ఇన్విటేషన్ వచ్చింది. ఆవిడ చెప్పిన తేదీ దాటి ఒకటి రెండు పనిదినాలు గడిచాక, అదే థ్రెడ్‌లో "ఏమైనా అప్‌డేట్ ఉందా" అని ఒక్క లైన్ అడగండి.