పాపను ముందు ఆ వంటింట్లోకి పంపండి

ప్రశ్న: మా పాప డిగ్రీ ఆఖరి సంవత్సరం. నెల్లూరులో ఒక రెస్టారెంటు వాళ్లు మే నెల మెనూలో పెట్టే మామిడికాయ కొరమీను పులుసుకి ఇన్‌స్టా క్యాప్షన్ రాయమన్నారు, నచ్చితే పని ఇస్తారట. పాప రాసింది ఇది: 'నోరూరించే నెల్లూరు చేపల పులుసు! అద్భుతమైన రుచి, త్వరపడండి!' ఇదీ ఒక ఉద్యోగమేనా? డిజిటల్ మార్కెటింగ్ కోర్సులో చేర్చాలా, బ్యాంకు కోచింగా? – ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, పాప చేతికి జీతం వస్తుందా రాదా అన్నదే మీ బెంగ. అది నాకు అర్థమైంది. ముందు ఆ క్యాప్షన్ సంగతి చూద్దాం.

అందులో 'చేపల పులుసు' తీసేసి 'బిర్యానీ' అని పెట్టి చదవండి. ఎక్కడా తేడా రాదు. అంటే నోరూరించే, అద్భుతమైన అన్న మాటలు ఈ వంట గురించి ఏమీ చెప్పడం లేదు. పాపకు భాష వచ్చు, వంట చూడలేదు, అంతే. పొయ్యి దగ్గర నిలబడి వంటమాస్టరును అడగమనండి: మామిడికాయ ముక్కలు ఎప్పుడు వేస్తారు? పులుసు ఎప్పుడు దించుతారు? పైన ఏం తేలుతుంది? ముక్కలు ముందే వేస్తే కరిగిపోతాయి గనక చివర్లో వేస్తామని ఆయన చెబుతాడు. రాత్రి దించింది పొద్దుటికి ముక్కకు పులుపు పట్టి ఇంకా బాగుంటుందని చెబుతాడు. అవే క్యాప్షన్‌కు కావలసిన మాటలు.

నేనైతే ఇలా రాస్తాను: 'కండగల కొరమీను ముక్క, విరగకుండా మెత్తబడ్డ పుల్ల మామిడికాయ, పైన తేలే ఎర్రటి నూనె. రాత్రి దించిన పులుసు, మధ్యాహ్నం వేడన్నంలోకి. మే 31 దాకా, మధ్యాహ్నం పూట మాత్రమే.'

ఫోనులో మొదటి ఒకటి రెండు వరుసలే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేగానీ తెరుచుకోదు. అందుకే చేప ముందు రావాలి. 'త్వరపడండి' అనే బదులు తేదీ రాస్తే చదివినవాళ్లు ఏ రోజు వెళ్లాలో అక్కడే అనుకుంటారు. విశేషణాలు ఇంతకు మించి పేర్చితే ఏదీ నాలుక మీద నిలవదు. అల్యూమినియం గుండిగలో వండి మట్టికుండ అని మాత్రం రాయొద్దు. తిన్నవాళ్లు ఫొటోతో సహా రివ్యూలో పెడతారు. రాసింది వంటమాస్టరుకు చదివి వినిపించాలి, ఆయన 'అట్లా కాదమ్మా' అన్నచోట దిద్దుకోవాలి.

ఇక కోర్సు సంగతి. నూటికి నూరు శాతం ఉద్యోగమని బోర్డు పెట్టేవాళ్ల మీద నాకు నమ్మకం లేదు. నా దగ్గరకు వచ్చిన పిల్లలు చాలామంది అక్కడ యాడ్ ఎలా పెట్టాలో, లెక్కలు ఎలా చూడాలో నేర్చుకున్నారు. మూడు వాక్యాలు రాయమంటే మళ్లీ 'నోరూరించే' దగ్గరే ఆగిపోతున్నారు. ఫీజు కట్టే ముందు, వాళ్ల విద్యార్థులు ఏదైనా నిజమైన హోటలుకు రాసినవి చూపించమనండి. చూపించలేకపోతే లేచి వచ్చేయండి.

ఒక మాట గట్టిగానే చెబుతాను, ఏమనుకోవద్దు. పాప రాసింది నాకు పంపారు గానీ, ఎందుకట్లా రాశావని పాపను ఒక్కసారైనా అడిగారా? మీ ఇంట్లో పులుసు ఉడికేటప్పుడు పక్కన నిలబెట్టుకుని వాసన ఎప్పుడు మారుతుందో చూపించి ఉంటే సగం పని అయిపోయేది. ఇదీ ఉద్యోగమేనా అని పాప ముందు మళ్లీ అనకండి. రెస్టారెంట్లకు, మిఠాయి దుకాణాలకు నెలకింతని మాట్లాడుకుని రాసిపెట్టేవాళ్లు ఉన్నారు. మొదట్లో వచ్చేది తక్కువే, దాని మీదే ఇల్లు గడవదు. అందుకే బ్యాంకు కోచింగ్ మానక్కర్లేదు. పొద్దున చదువుకుని సాయంత్రం రాసుకోవచ్చు, రెండూ ఒకదానికొకటి అడ్డు కావు.

ఈ వారం పాపను నెల్లూరు తీసుకెళ్లి ఆ పులుసు తినిపించండి. ఇంటికొచ్చాక క్యాప్షన్ మళ్లీ రాయించి, నెలకు ఎన్ని రాయాలి, ఎంత ఇస్తారు అన్నది వాళ్లతో కాగితం మీద రాయించుకున్నాకే పని ఒప్పుకోమనండి.