గోపాలపూర్ ఫోటోలు పెట్టే ముందు

పర్లాకిమిడి,
గురువారం రాత్రి

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి నీ గోపాలపూర్ కబుర్లన్నీ చెప్పింది. తొమ్మిది మంది స్నేహితురాళ్లు బరంపురం నుంచి పొద్దున్నే బయలుదేరడం, సముద్రం ఒడ్డున ఫోటోలన్నీ నువ్వే తీయడం విని నాకు ఎంత సంతోషం వేసిందో. మన ఇంట్లో నా తరవాత మళ్లీ నీ చేతికే కెమెరా వచ్చింది. అందర్నీ నిలబెట్టి, ఎండ ఎటు ఉందో చూసుకుని తీశావట.

ఆ తరవాత చెప్పిన మాటతోనే నిద్ర పట్టలేదు. అందరూ కలిసి ఉన్న ఫోటో చూసి ఒక అమ్మాయి "అది పెట్టొద్దే, అందులో నేను ఘోరంగా ఉన్నాను" అందట. నువ్వేమో "దానికి ఎప్పుడూ ఇదే గోల, మిగతా ఎనిమిది మందీ బాగున్నారు, ఆదివారం పెట్టేస్తాను" అన్నావట. పెట్టకు తల్లీ. ఎందుకు వద్దంటున్నానో చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే మధ్యలో నువ్వు నన్ను నవ్వించేస్తావు.

1988లో నేను కొత్తగా 28 ఎం.ఎం. లెన్స్ కొన్నాను. విశాఖపట్నం వెళ్లి, రెండు పెళ్లిళ్ల డబ్బులు పోసి తెచ్చుకున్నది. అప్పటిదాకా బడి పిల్లల గ్రూపు ఫోటో తీయాలంటే వెనక్కి జరిగి జరిగి గోడకి ఆనుకునేవాణ్ణి. ఆ లెన్స్ వచ్చాక ఇరుకు వరండాలో కూడా రెండు వరసలూ మొత్తం పట్టేసేవి. ఆ ఏడు ఒక బళ్లో పదో తరగతి వీడ్కోలు ఫోటో దానితోనే తీశాను. ఎంత బాగా వచ్చిందో అనుకుని పెద్ద ప్రింటు వేయించి, బజారు వైపు ఉన్న షోకేసులో పెట్టాను.

వారం తిరక్కుండా ఒక అమ్మాయి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. ముందు వరసలో ఎడమ చివర కూర్చున్న అమ్మాయి. లోపలికి రాకుండా షోకేసు ముందే చాలాసేపు నిలబడింది. అద్దంలో తన నీడ, దాని పక్కనే ఆ ఫోటో. తల కాస్త అటూ ఇటూ తిప్పి రెంటినీ చూసుకుంది. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. తరవాత గుమ్మం దగ్గరికి వచ్చి "ఇది తీసేయండి బాబూ, నా మొహం అలా ఉండదు" అంది.

నేనేమన్నానో తెలుసా? "కెమెరా ఉన్నదే తీస్తుందమ్మా. అందరూ బాగున్నారు, నువ్వూ బాగానే ఉన్నావు" అన్నాను. ఇంకోసారి వచ్చింది. ఇంకోసారి అదే చెప్పాను. పొగుడుతున్నాననే అనుకున్నాను. వానలు పడేదాకా, అంటే నాలుగు నెలలు, ఆ ఫోటో షోకేసులోనే ఉంది. ఈలోగా వీధిలో కుర్రాళ్లు ఆ పిల్లకి గుమ్మడికాయ అని పేరు పెట్టారు. ఆ సంగతి నాకు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

మూడేళ్లకి వాళ్ల అక్క పెళ్లికి నన్నే పిలిచారు. నాలుగు రీళ్లు తీశాను. రీలుకి 36 చొప్పున 144 ఫోటోలు. ఆల్బమ్ ఇవ్వడానికి వెళితే వాళ్లమ్మ పేజీలన్నీ తిప్పి "మా చిన్నది ఒక్కదాంట్లోనూ లేదేం బాబూ?" అని అడిగింది. ఇంటికొచ్చి నెగటివ్‌లన్నీ వెలుతురుకి పెట్టి చూశాను. ఒక్క దాంట్లో హారతి పళ్లెం పట్టుకున్న చెయ్యి ఉంది. గాజుల దాకా ఉంది, ఆ పైన మనిషి లేదు. నేను కెమెరా ఎత్తినప్పుడల్లా ఆ పిల్ల ఎవరో ఒకరి వెనక్కి తప్పుకుందన్నమాట, అక్క పెళ్లి మూడు రోజులూ.

అప్పుడు పాత గ్రూపు ఫోటో బయటికి తీసి స్కేలు పెట్టి చూశాను. మధ్యలో ఉన్న వాళ్ల మొహాలు మామూలుగా ఉన్నాయి. రెండు చివర్లా ఉన్న వాళ్లవి పక్కకి సాగాయి. అనుమానం తీరక మీ అమ్మమ్మ ఇత్తడి చెంబు తెచ్చి, అదే లెన్స్‌తో ఒకసారి నడిమధ్యలో పెట్టి, ఒకసారి అంచున పెట్టి తీశాను. మధ్యలో చెంబు చెంబులాగే గుండ్రంగా వచ్చింది. అంచున ఉన్నది అడ్డంగా పడుకోబెట్టిన కోడిగుడ్డులా వచ్చింది. వెడల్పు లెన్స్ అంతే. అంచుకి పోయేకొద్దీ దేన్నైనా పక్కకి లాగుతుంది. 28లో బాగా చివరనున్న మొహం ఇంచుమించు ఐదో వంతు వెడల్పెక్కుతుంది. ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. దాని మొహం అలా ఉండదు. కెమెరా పని తెలిసినవాణ్ణి నేను, తప్పు మాట చెప్పిందీ నేనే. వెళ్లి వాళ్లమ్మతో తప్పు నాదని చెప్పాను. అప్పటికి ఆ పిల్లకి పెళ్లై వెళ్లిపోయింది. నా మాట ఆమెకి చేరిందో లేదో ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు నీ ఫోటో సంగతి. ఆ అమ్మాయి ఒక చివర నిలబడిందని మీ అమ్మ చెప్పింది. నీ ఫోన్లో మామూలు లెన్స్ నా 28 కంటే కాస్త వెడల్పైనదే. అందరూ పట్టడం లేదని 0.5 మీద పెట్టి ఉంటే సాగడం ఇంకా ఎక్కువ. ఫోన్ కొంత సరిచేసినా పూర్తిగా పోదు. కాబట్టి ముందు నీకు నువ్వే పరీక్ష చేసుకో. అదే అమ్మాయి మధ్యలో నిలబడ్డ ఫోటో తీసి, రెండింట్లో మొహాలు పక్కపక్కన పెట్టి చూడు. తేడా కనిపిస్తే అది ఆ అమ్మాయి గోల కాదు, లెన్స్ చేసిన పని. సెల్ఫీ అయితే అది ఇంకో రకం. చెయ్యి చాపినంత దూరంలో ముందున్న వాళ్ల ముక్కు, బుగ్గలు పెద్దవవుతాయి.

ఒకవేళ తేడా ఏమీ కనిపించకపోయినా నువ్వు వాదించకు. మనం రోజూ మన మొహాన్ని అద్దంలో చూసుకుంటాం, అంటే కుడి ఎడమలు తారుమారై. పాపిడి, ఒక పక్కకి వంగే నవ్వు, అన్నీ ఫోటోలో అవతలి వైపుకి వెళ్తాయి. నీకు అలవాటైన మొహమే దానికి కొత్తగా కనిపిస్తుంది. "బాగానే ఉన్నావు" అనే మాట అక్కడ పనికిరాదు. అది అడిగింది నీ అభిప్రాయం కాదు, ఆ ఫోటో పెట్టొద్దని.

ఏం చెయ్యాలో చెబుతాను. ఆ అమ్మాయికి విడిగా ఫోన్ చెయ్యి. తొమ్మిది మంది ఉన్న గ్రూపులో "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగితే ఎవ్వరూ నోరు విప్పరు, ఆ పిల్ల అసలే విప్పదు. నువ్వు దాన్ని ఒప్పుకోవడం కింద లెక్కేస్తావు. విడిగా, అదే చోట తీసినవి మూడో నాలుగో పంపి, ఏది పెట్టమంటావని అడుగు. ఎందుకు నచ్చలేదో చెప్పమని గుచ్చి గుచ్చి అడగకు. ఏదీ వద్దంటే ఏదీ పెట్టకు. సాయంత్రం దాకా జవాబు రాకపోతే ఆ రోజుకి ఆగు. అది లేని ఫోటోలు, సముద్రం, పడవలు, మీ పాదముద్రలు, నువ్వు హాయిగా పెట్టుకో.

రెండు పనులు మాత్రం అస్సలు చెయ్యొద్దు. ఆ అమ్మాయిని కత్తిరించి మిగతా ఎనిమిది మందినీ పెట్టొద్దు. పక్కమ్మాయి భుజం మీద దాని వేళ్లు మిగిలిపోతాయి. ఇది ఎవరి చెయ్యి అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. హారతి పళ్లెం ఫోటో చూసినప్పటి నుంచి అలాంటి చెయ్యి కనిపిస్తే నాకు కడుపులో దేవినట్టవుతుంది. ఇక రెండోది, అడక్కుండా దాని ఒక్కదాని మొహానికీ ఫిల్టర్ వేసి నున్నగా, తెల్లగా చెయ్యొద్దు. మా రోజుల్లో టచింగ్ అనేవాళ్లం. నెగటివ్ మీద సన్నని పెన్సిల్‌తో మచ్చలు, ముడతలు పూడ్చేవాళ్లం. ఒకావిడకి అడక్కుండా రంగు తేల్చి ఇచ్చాను. ఆవిడ ఆ కవరు నా బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది. అడిగి, అది సరేనంటేనే.

మీ టీచరుగారితో తీసుకున్నది ఒక్కటే ఫోటో అని కూడా మీ అమ్మ చెప్పింది. ఆవిడ ఊరు విడిచి వెళ్లిపోతున్నారట, మళ్లీ తీసే వీలు లేదు. అది మాత్రం అందరికీ దక్కాలి. కాబట్టి దాన్ని బయట ఎక్కడా పెట్టకుండా ఎవరిది వాళ్లకి పంపు. మీ టీచరుగారికి ప్రింటు తీసి ఇవ్వు. పదిమందికీ చూపించడం వద్దని అడిగే హక్కు ఆ అమ్మాయికి ఉంది. మిగతా వాళ్ల దగ్గర జ్ఞాపకం ఉండకూడదని అది కూడా అనదు. ఎవరికి పంపుతున్నావో దానికి ముందే చెప్పు. స్టేటస్‌లో పెట్టుకోవద్దని తక్కిన వాళ్లకీ చెప్పు.

ఈ ఉత్తరం అందేలోపే పెట్టేసి ఉంటే, చూసిన వెంటనే తీసెయ్యి. దాని పేరు మీద ట్యాగ్ ఒక్కటే తీసేస్తే ఫోటో పోదు, ఫోటోనే తీయాలి. స్టేటస్ అయితే 24 గంటల్లో అదే పోతుందిలే అని ఊరుకోకు. ఆ పిల్లని ఎగతాళి చేసే వాళ్లు చూడ్డానికి ఒక్క పూట చాలు. వాట్సాప్ గ్రూపులో పంపి ఉంటే అందరికీ డిలీట్ చేసే వీలు రెండు రోజుల పైచిలుకే ఉంటుంది, ఆ తరవాత నీ చేతుల్లో ఉండదు. ఫలానా ఆవిడ అడిగింది కాబట్టి తీశానని ఎక్కడా రాయకు. ఈలోగా ఎవరైనా దాచుకుని ఉండొచ్చన్న సంగతి మాత్రం దాని దగ్గర దాచకు.

ఈసారి వెళ్లినప్పుడు నాలుగడుగులు వెనక్కి జరిగి 2 మీద పెట్టి తియ్యి. ఒకే వరసలో తొమ్మిది మంది వద్దు, రెండు వరసలు చెయ్యి. ఫోటో అంటే భయపడే వాళ్లని చివర్లో నిలబెట్టకు. అడిగితే చివరికే పోతారు. చెయ్యి పట్టుకుని మధ్యకి తీసుకురా.

నిన్ను కోప్పడ్డానని బెంగ పెట్టుకోకు. నువ్వు ఒకరి మనసు కష్టపెట్టే పిల్లవి కావని నాకు తెలుసు. నేనూ కాదనే అనుకున్నాను, అందుకే ఇంత రాశాను.

మీ అమ్మ ఆ గ్రూపు ఫోటో నాకు పంపిస్తానంది. వద్దన్నాను. ఆ అమ్మాయితో మాట్లాడాక, అది ఎంచుకున్నది ఏదైనా ఉంటే అది పంపు. మన బజారు స్టూడియోలో ప్రింటు వేయించి గోడకి పెట్టుకుంటాను.

మీ తాతయ్య